పాత ల్యాప్‌టాప్‌లో మూడు గంటల 4కె ఒగ్గు కథ: కెడెన్‌లైవ్ ప్రాక్సీలను చాలాకాలం వాడాక

అసలు వీడియోకు బదులు ఎడిటింగ్‌లో వాడుకునే చిన్న సైజు నకళ్లే ప్రాక్సీలు. వీటితో ఎడిటింగ్ చేయడంలో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది వెనక్కి వెళ్లే సౌలభ్యం. ప్రాక్సీల గురించి చెప్పేవారు సాధారణంగా వీడియో ఆగకుండా ముందుకు నడవడాన్నే గొప్పగా చెబుతారు. కానీ నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిపూట జరిగే ఒగ్గు కథలను రికార్డు చేసి కోసే నాబోటివాడికి అసలు పని వెనక్కి వెళ్లడంలోనే ఉంటుంది. కథకుడు పాట ముగించి మాటలోకి దిగే చోట డోలు మీద చివరి దెబ్బ సరిగ్గా ఏ ఫ్రేములో పడిందో పట్టుకోవాలంటే, ఆ రెండు మూడు సెకన్లనే ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి చూడాలి. అసలు 4కె ఫైలు మీద ఈ పని చేస్తే నా ల్యాప్‌టాప్‌లో బొమ్మ కొయ్యబారిపోయేది, కాసేపటికి ఎక్కడో ముందుకు దూకి తేలేది. ప్రాక్సీ మీద మాత్రం వెనక్కి నొక్కితే ఒక్కో ఫ్రేమూ వెంటవెంటనే వస్తుంది. ల్యాప్‌టాప్ అదే, 8 జీబీ ర్యామే, వేరే గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు.

ఈ తేడాకు కారణం కేవలం బొమ్మ చిన్నదవడమే కాదు. కెమెరా తన ఫైలులో ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచదు. కొన్ని ఫ్రేములకు ఒకసారి మాత్రమే పూర్తి బొమ్మను ఉంచి, నడుమ ఉన్నవాటికి పక్క ఫ్రేములతో పోల్చి మారిన భాగాన్ని మాత్రమే రాసుకుంటుంది. అందువల్ల ఒక్క ఫ్రేము వెనక్కి వెళ్లాలన్నా ప్రాసెసర్ అంతకు ముందున్న పూర్తి బొమ్మ దాకా పోయి, అక్కడి నుంచి మళ్లీ ఒక్కొక్కటిగా లెక్క కట్టుకుంటూ రావాలి. 4కె అయితే అలాంటి ప్రతి బొమ్మలోనూ సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. నేను చేసుకునే 960×540 ప్రాక్సీలో ఉండేవి 5 లక్షల పైచిలుకు మాత్రమే, అంటే పదహారో వంతు. దానికి తోడు ప్రాక్సీని ఎలా తయారుచేయాలో చెప్పే సెట్టింగుల వరుసలో -g 1 అని ఉండేలా చూసుకుంటాను కాబట్టి ప్రతి ఫ్రేమూ తనంతట తాను పూర్తి బొమ్మే, వెనక్కి వెళ్లడానికీ ముందుకు వెళ్లడానికీ పడే శ్రమ ఒకటే. చిన్న బొమ్మతో ప్రాక్సీ చేసి కూడా ఇంకా తడబడుతోందని చెప్పేవారు మొదట ఈ ఒక్క సంగతి చూసుకోవాలి.

జాగా విషయంలోనూ లెక్క కలిసివచ్చింది. నా కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తుంది, అంటే గంటకు 45 జీబీ, మూడు గంటల కథకు 135 జీబీ. అంత భారం ల్యాప్‌టాప్ లోపలి చిన్న ఎస్‌ఎస్‌డీలో పట్టదు కనుక అసలు ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి. మూడు గంటలకూ కలిపి 20 జీబీ దాటని ప్రాక్సీలు లోపల ఉంటాయి. నేను వాడే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాము కెడెన్‌లైవ్‌లో Project Settings తెరిచి ప్రాక్సీ భాగంలో వెడల్పును 640 నుంచి 960కి పెంచుకోవడం నా అలవాటు, ఎందుకంటే దూరం నుంచి తీసిన షాట్లలో కథకుడి పెదవులు 640లో తెలియవు. ప్రాక్సీలు తయారుచేయడానికి ల్యాప్‌టాప్ ఆ 4కె మొత్తాన్ని ఒకసారి చదవక తప్పదు కాబట్టి ఆ పని రాత్రికి అప్పగించి పడుకుంటాను.

ఇంతవరకు మెచ్చుకున్నదాన్ని కాస్త తగ్గించి చెప్పవలసిన సందర్భం ఒక మల్లన్న కథతో వచ్చింది. ఆ రాత్రి కథకుడికి ఎదురుగా ముక్కాలిపీట మీద నా కెమెరా ఉంది, డోలు వాయించేవారి పక్కన నిలబడిన ఒక అబ్బాయి ఫోన్‌తో ఆపకుండా తీశాడు, ధ్వని మాత్రం మైకుల నుంచి విడిగా రికార్డయింది. మూడింటినీ మొదటి డోలు దెబ్బ దగ్గర కలిపి, ఫోన్ క్లిప్పుకు కూడా ప్రాక్సీ తయారుచేయించి, కథంతా కోశాను. ఎడిటింగ్ సాగినంత కాలం ఎక్కడా తేడా కనిపించలేదు. డోలు మీద పుల్ల పడడం, చప్పుడు వినిపించడం చివరిదాకా ఒక్కటిగానే ఉన్నాయి. కోసినదంతా ఒకే వీడియోగా తయారుచేసే రెండర్ పూర్తయ్యాక దాన్ని మేళం పెద్దాయనకు చూపిస్తే సగం దాటాక ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపమన్నాడు. "సప్పుడు ముందుగాల్నే అస్తున్నది, పుల్ల ఎనక వడుతున్నది సూడు బిడ్డా," అన్నాడు. ఆయన చెప్పిన చోట ఫ్రేము ఫ్రేముగా చూస్తే పుల్ల ఇంకా గాలిలో ఉండగానే దెబ్బ వినిపిస్తోంది.

ఇలాంటి చోట రెండు రకాల తేడాలను వేరుచేసి చూడాలి. క్లిప్పులను జతచేయడంలోనే పొరపాటు ఉంటే మొదటి నుంచి చివరిదాకా ఎడం ఒకేలా ఉంటుంది, క్లిప్పును కొంచెం జరిపితే సరిపోతుంది. ఇక్కడ మొదటి పాటలో తేడా శూన్యం, నడుమ కొద్దిగా, చివరికి వచ్చేసరికి కంటికి కొట్టొచ్చినట్టు. పైగా కెమెరా షాట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫోన్ షాట్లు మాత్రమే జారాయి. పెరుగుతూ పోయే తేడా, అదీ ఒకే పరికరం తీసిన షాట్లలో మాత్రమే కనిపించేది, సాధారణంగా ఫ్రేము రేటు నిలకడగా లేదనడానికి గుర్తు. చాలా ఫోన్లు చీకటి పడినప్పుడు ఒక్కో ఫ్రేముకు ఎక్కువ వెలుతురు అందాలని ఫ్రేముల సంఖ్యను తగ్గించుకుంటాయి, వెలుతురు పెరిగితే మళ్లీ పెంచుకుంటాయి. లైట్ల వెలుగు కథకుడి మీదికీ చీకటిలో ఉన్న జనం మీదికీ మారుతూ ఉన్న ఆ రాత్రి, ఫోన్ సెకనుకు ఒకచోట 30, మరోచోట అంతకంటే తక్కువ ఫ్రేములు రాస్తూ పోయింది. దీన్ని టెర్మినల్‌లో ఈ ఆదేశంతో చూసుకోవచ్చు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=r_frame_rate,avg_frame_rate -of default=nw=1 phone.mp4
```

రెండు వరుసలలో వచ్చే సంఖ్యలు ఒకటి కాకపోతే అనుమానించాలి. ఆదేశాలు టైపు చేయడం ఇష్టం లేనివారు మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాములో ఆ ఫైలును తెరిస్తే Frame rate mode ఎదురుగా Variable అని కనిపిస్తుంది.

ఎడిటింగ్‌లో తేడా ఎందుకు కనిపించలేదన్నదే ఇందులో తెలుసుకోదగిన ముఖ్య విషయం. ప్రాక్సీ తయారైనప్పుడే ఆ ఎగుడుదిగుడు ఫ్రేములన్నీ వాటి సమయాలను బట్టి సమానమైన అంతరాలలోకి సర్దబడ్డాయి, కనుక నేను పని చేసిన బొమ్మ నిలకడైనది. రెండర్ మాత్రం నియమం ప్రకారం ప్రాక్సీని పక్కనబెట్టి, నిలకడలేని అసలు ఫైలుకు తిరిగి వెళ్లింది. అంటే ప్రాక్సీ ఇక్కడ అబద్ధం చెప్పలేదు, అసలు ఫైలులోని లోపం నా కంట పడకుండా కప్పింది. ప్రాక్సీ అనేది అసలు దానికి చిన్న నకలు మాత్రమేనని, రెండింటికీ కాలం లెక్క ఎప్పుడూ ఒకటేనని ఎవరైనా అంటే నేనిప్పుడు ఒప్పుకోను.

దీనికి మందు అసలు ఫైలునే నిలకడైన ఫ్రేము రేటుకు మార్చడం. నా ప్రాజెక్టు 25 ఫ్రేములది కనుక ఇలా మార్చాను:

```
ffmpeg -i phone.mp4 -vf fps=25 -c:v libx264 -preset fast -crf 16 -c:a pcm_s16le phone_25.mov
```

ఇక్కడ -crf 16 అన్నది నాణ్యత కంటికి తగ్గినట్టు కనిపించకుండా ఉంచడానికి. అందుకు బదులుగా ఫైలు బాగా పెద్దదవుతుంది, కాబట్టి హార్డ్ డిస్క్‌లో జాగా ముందే చూసుకోవాలి. అన్ని కట్‌లనూ మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుందేమోనన్న దిగులుతోనే నేను ఆ పనికి కూర్చున్నాను. కానీ క్లిప్పుల జాబితా ఉండే ప్రాజెక్టు బిన్‌లో పాత ఫోన్ క్లిప్పు మీద కుడి క్లిక్ చేసి, దాని స్థానంలో కొత్త ఫైలును పెట్టి, ప్రాక్సీ మళ్లీ తయారయ్యాక టైమ్‌లైన్‌ను చూస్తే ఒక్క కట్ కూడా కదలలేదు. ఆలోచిస్తే అందులో వింత లేదు. నేను కట్‌లు వేసింది నిలకడైన ప్రాక్సీని చూసి, కొత్త అసలు ఫైలు కాలం కూడా సరిగ్గా దానితో సరిపోయింది. రెండోసారి రెండర్ చేసిన వీడియోలో చివరి పాట దాకా పుల్ల, చప్పుడు కలిసే పడ్డాయి. ఇప్పుడైతే ఫోన్ ఫుటేజ్ ఏది వచ్చినా ముందు దాన్ని మార్చి, ఆ తర్వాతే కెడెన్‌లైవ్‌లోకి తెస్తాను. ప్రాక్సీ మారిన ఫైలు నుంచే పుడుతుంది.

ప్రాక్సీ కప్పిపుచ్చే సంగతి మరొకటి ఉంది, అది ఫోకస్. 960 వెడల్పుకు కుదించిన బొమ్మలో ముఖం కొద్దిగా మసకగా ఉన్నా పదునుగానే కనిపిస్తుంది. రాత్రి షాట్లలోని గరుకుదనం కూడా కుదింపులో నునుపైపోతుంది. దగ్గరి నుంచి తీసిన రెండు షాట్లలో ఏది ఉంచాలో ప్రాక్సీని చూసి తేల్చుకోవడం నేను మానుకున్నాను. బిన్‌లో ఆ ఒక్క క్లిప్పుకు Proxy Clip గుర్తు తీసేస్తే అసలు బొమ్మ వస్తుంది, దాన్ని ఆపి, పెద్దది చేసి, కథకుడి కనుబొమ్మల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయో లేదో చూస్తాను. నిలిపి ఉంచిన ఒక్క ఫ్రేమును చూపించడానికి పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. రంగులు సరిచేసే పనిని సైతం ఇలాగే, పాటకు ఒక షాట్ చొప్పున అసలు మీదే చూసి నిర్ణయిస్తాను.

చివరి రెండర్ విషయంలో ప్రాక్సీలు ఇచ్చే సాయం ఏమీ లేదు. అప్పుడు మళ్లీ అసలు 4కె మొత్తాన్ని చదవవలసిందే, నా ల్యాప్‌టాప్‌లో అది రాత్రంతా సాగే పని, నడుమ కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే మళ్లీ మొదటికే. అయితే రెండర్ కిటికీలో ఉన్న Render using proxy clips అన్న ఎంపిక ఒక మంచి పనికి వస్తుంది. దాన్ని పెట్టి చేసిన చిన్న వీడియో త్వరగా తయారవుతుంది, వాట్సాప్‌లో మేళం వారికి పంపితే ఏ పాట తీయాలో ఏది ఉంచాలో చెబుతారు. ఆ తర్వాత అసలు రెండర్‌కు వెళ్లే ముందు ఆ గుర్తు తీసేశానో లేదో చూసుకుంటాను. పైగా, ఫోన్ క్లిప్పు అనుభవం తర్వాత, మొత్తం రెండర్‌కు పెట్టేముందు చివరి పాటలోని ఒక నిమిషాన్ని మాత్రం అసలు ఫైళ్లతో రెండర్ చేసి డోలు దెబ్బలను సరిచూస్తున్నాను. జారుడు ఏదైనా ఉంటే అది చివర్లోనే బయటపడుతుంది.

నా పనిలో ఎక్కువ భాగం పొడవైన కార్యక్రమాలను కోసి అతకడమే, పెద్దగా ఎఫెక్టులు ఉండవు, మరుసటి రోజే ఇవ్వాలని ఎవరూ తొందరపెట్టరు. ఆ పరిస్థితిలో ఈ పద్ధతి వల్ల నాకు కొత్త ల్యాప్‌టాప్ కొనవలసిన అవసరం ఇప్పటిదాకా రాలేదు. పెళ్లి రోజు సాయంత్రానికే రెండు నిమిషాల వీడియో ఇవ్వవలసినవారికి ప్రాక్సీలు తయారయ్యే సమయమే భారమవుతుంది. వారు కెమెరాలోనే 1080లో తీసుకోవడం మేలని నాకనిపిస్తుంది. ఎఫెక్టుల పొరలు ఎక్కువగా పెట్టేవారికి ప్రాక్సీ ఉన్నా ఎనిమిది జీబీ ర్యామ్ చాలకపోవచ్చు. అలాంటి పని నేను చేయను కాబట్టి ఆ విషయంలో నా మాటను ఆధారంగా తీసుకోవద్దు.