రాగి–ఇత్తడి, రాగి–నికెల్: కిర్కెండాల్ ప్రయోగానికి ఏ జంట మేలు?

ప్రాజెక్టుల కాలం రాగానే మెటలర్జీ పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, మార్కర్లు కదలడం, రంధ్రాలు పడడం రెండూ చూపించాలి. రాగి–ఇత్తడి తీసుకోమంటారా, రాగి–నికెల్ తీసుకోమంటారా?" నేను తిరిగి ఒకటి అడుగుతాను: "మార్కర్ల కదలికా, రంధ్రాలా, మీకు ఏది ముఖ్యం?" జంట ఎంపిక ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. జంట అంటే ఒకదానికొకటి అతికించి వేడి చేసే రెండు లోహాలు. వేడిలో ఒకదాని పరమాణువులు రెండోదానిలోకి వేర్వేరు వేగాలతో పోవడమే కిర్కెండాల్ ప్రభావం. మార్కర్ అంటే ఆ కదలికని చూడడానికి అతుకు దగ్గర పెట్టే, కరగని సన్నని తీగ.

ముందు ఇత్తడి సంగతి. 1947లో స్మిగెల్‌స్కాస్, కిర్కెండాల్ ప్రచురించిన ప్రయోగం దీని మీదే. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింక్ ఉన్న ఇత్తడి కడ్డీకి రెండు వైపులా సన్నని మాలిబ్డినం తీగలు పరిచి, పైన మందంగా రాగి పూత వేసి, 785 డిగ్రీల సెల్సియస్ దగ్గర 56 రోజుల దాకా వేడిలో ఉంచారు. మాలిబ్డినం రాగిలోగానీ ఇత్తడిలోగానీ కరగదు కాబట్టి తీగలు తమంతట తాము ఎక్కడికీ పోవు. అయినా రెండు వైపుల తీగలూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. 56 రోజులకు ఒక్కో వైపు జరిగింది సుమారు 0.12 మిల్లీమీటర్లు. జింక్ పోయిన ఇత్తడి కొంచెం కుంచించుకుపోతుంది నిజమే, కానీ ఈ జరుగుబాటులో దాని వాటా చిన్నదే. మిగతాదంతా జింక్ బయటికి పోయినంత వేగంగా రాగి లోపలికి రాకపోవడం వల్ల వచ్చింది.

ఈ తేడాని లెక్కలోకి తెచ్చింది డార్కెన్, 1948లో:

```
v = (D_Zn − D_Cu) · dN_Zn/dx
D = N_Cu · D_Zn + N_Zn · D_Cu
```

మొదటి సమీకరణంలో v అంటే మార్కర్ వేగం. D_Zn, D_Cu అంటే జింక్, రాగి విడివిడిగా వ్యాపించే రేట్లు, N_Zn, N_Cu అంటే వాటి పాళ్ళు, x అంటే దూరం. జరిగిన దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి దూరాన్ని రెండింతల కాలంతో భాగిస్తే v వస్తుంది. రెండో దానిలోని D రెండు లోహాలు కలిసిపోయే మొత్తం రేటు. దాన్ని జింక్ శాతం ఎక్కడ ఎంతుందో గీసిన గ్రాఫ్ నుంచి తీస్తాం. సమీకరణాలు రెండు, తెలియనివి రెండు. మార్కర్ దగ్గర జింక్ 22.5 శాతం ఉన్నచోట D సెకనుకు 4.5×10⁻⁹ చదరపు సెంటీమీటర్లు. అందులోంచి జింక్‌కి 5.1×10⁻⁹, రాగికి 2.2×10⁻⁹ వచ్చాయి. అంటే జింక్ రాగి కంటే రెండింతలకు పైగా చురుకు. 0.775ని 5.1తో, 0.225ని 2.2తో గుణించి కూడి చూడండి, సుమారు 4.5 వస్తుంది. మార్కర్ల నుంచి ఇంత శుభ్రమైన లెక్క కావాలంటే ఇత్తడి జంట చాలా మంచిది. ఉష్ణోగ్రత తక్కువ, ఒకే దశ, కదలిక కంటికి కనిపించేంత.

కానీ డార్కెన్ లెక్క వెనక ఒక షరతు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. జింక్ ఎక్కువగా బయటికి పోతే, అంతే లెక్కలో ఖాళీ స్థానాలు, అంటే స్ఫటికంలో పరమాణువు లేని చోట్లు, ఇత్తడిలోకి వచ్చి చేరతాయి. అవన్నీ డిస్‌లొకేషన్ల దగ్గర, అంటే స్ఫటిక పొరల వరస తప్పిన చోట్ల, అంతమైపోతే అక్కడి స్ఫటిక పొరలు తగ్గుతాయి, మార్కర్ ఇత్తడి వైపు జరుగుతుంది. అంతం కాకుండా మిగిలినవి ఒకచోట గుమిగూడితే రంధ్రం అవుతుంది. రంధ్రంలోకి చేరిన ఖాళీ మార్కర్‌ని కదపదు. అందుకే రంధ్రాలు బాగా పడిన జంటలో మార్కర్ కదలిక లెక్క కంటే తక్కువ వస్తుంది. ఒకే నమూనాలో రెండూ బ్రహ్మాండంగా రావాలని కోరుకోవడంలోనే చిక్కు ఉంది.

నా మటుకు తేల్చే విషయం ఇది: కనిపించిన రంధ్రం నిజంగా కిర్కెండాల్ రంధ్రమేనా? ఇత్తడి దీనికి సరిగ్గా సాక్ష్యం చెప్పదు. జింక్ మరిగేది 907 డిగ్రీల దగ్గరే. 785 దగ్గర కూడా తెరిచి ఉన్న ఇత్తడి ముఖం నుంచి ఆవిరై పోతూనే ఉంటుంది. 1947 ప్రయోగంలో పూత చుట్టూ ఉంది కాబట్టి సరిపోయింది. మన పిల్లలు చేసేది రెండు బిళ్ళలు బిగించిన జంట, దాని పక్కలు తెరిచే ఉంటాయి. నేను మొదటిసారి వాక్యూమ్‌లో అలాగే చేశాను. ట్యూబ్ చల్లటి చివర బూడిదరంగు పొర పేరుకుంది, వేలితో రాస్తే అంటుకుంది. అదంతా నా ఇత్తడిలోంచి పోయిన జింక్. లోపల రంధ్రాలు బోలెడు కనిపించాయి. కానీ వాటిలో ఎన్ని రాగిలోకి పోయిన జింక్ వల్ల పడ్డాయో, ఎన్ని ఆవిరైపోయిన జింక్ వల్ల పడ్డాయో చెప్పలేకపోయాను. నెల రోజుల పని అలా పోయింది.

రాగి–నికెల్‌లో ఈ బాధ లేదు. రెండూ అన్ని పాళ్ళలో కలుస్తాయి, మధ్యలో వేరే సమ్మేళనం ఏర్పడదు, ఏదీ అంతగా ఆవిరి కాదు. ఇక్కడ చురుకైనది రాగి కాబట్టి రంధ్రాలు రాగి వైపు పడతాయి, మార్కర్ కూడా అటే జరుగుతుంది. 1000 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు పెట్టాలి. రాగి 1085 దగ్గర కరుగుతుంది కాబట్టి ఫర్నేస్ కంట్రోల్ నమ్మకమైనది కావాలి. కదలిక మైక్రాన్లలోనే ఉంటుంది కాబట్టి మార్కర్‌గా 25 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ వాడతాను.

దీనికీ ఒక ఉచ్చు ఉంది, కానీ అది పట్టుకోగలిగిన ఉచ్చు. మార్కెట్లో దొరికే మామూలు రాగిలో ఆక్సైడ్ ఉంటుంది. హైడ్రోజన్‌లో వేడి చేస్తే అది నీటి ఆవిరిగా మారి, కణాల సరిహద్దుల వెంట బుడగలు కడుతుంది. అవి కూడా రాగి వైపే కనిపిస్తాయి, చూసినవాళ్ళు కిర్కెండాల్ అనుకుంటారు. అందుకే ఆక్సిజన్ లేని రాగి కొనాలి. దాంతోపాటు అదే రాగిలోంచి కోసిన ఒంటరి ముక్కని అదే ఫర్నేస్‌లో పక్కనే పెట్టాలి. జత లేని ముక్కలోనూ రంధ్రాలు వస్తే అవి ఆవిరి బుడగలు. ఇత్తడికి ఇలాంటి తోడు ముక్క పెట్టినా లాభం తక్కువ. రాగి కప్పిన ముఖం లేకపోతే దాని నుంచి జింక్ ఇంకా ఎక్కువ పోతుంది, పోలిక కుదరదు.

మైక్రోస్కోప్ కింద ఎలా గుర్తుపట్టాలంటే, అడ్డంగా కోసి పాలిష్ చేసినప్పుడు తీగల చివరలు వరసగా చుక్కల్లా కనిపిస్తాయి. రంధ్రాలు సరిగ్గా ఆ వరస మీదే ఉంటే అది బిళ్ళలు సరిగ్గా అతుక్కోని గీత. నిజమైనవి ఆ వరస దాటి, రాగి లోపలికి కొంచెం ఎడంగా, ఒక పట్టీలా ఉంటాయి. రాగి మెత్తన, పాలిష్ చేసేటప్పుడు సాగి రంధ్రాల నోరు మూసేస్తుంది. లైట్‌గా ఎచ్ చేసి మళ్ళీ పాలిష్ చెయ్యడం, రెండు మూడు సార్లు అలా చేశాకే లెక్కపెట్టడం మంచిది.

మరొక పరీక్ష కూడా ఉంది. ఇదే జంటని బయటి నుంచి గట్టి వాయు పీడనంలో వేడి చేస్తే రంధ్రాలు అణగిపోతాయి, మార్కర్ మాత్రం కదులుతుంది. 1958లో బార్న్స్, మేజీ పీడనం రంధ్రాల మీద చూపే ప్రభావాన్ని పరిశీలించారు. ఖాళీ స్థానాల రాక ఒకటి, అవి రంధ్రమవడం మరొకటి అని ఇక్కడ తెలిసిపోతుంది. కాలేజీ ల్యాబులో ఆ పీడనం దొరకదు కానీ, వైవాలో అడిగితే చెప్పాల్సింది ఇదే.

బంగారం–వెండి కూడా పనికొస్తుంది, ఖర్చు భరించగలిగితే. రాగి–అల్యూమినియం వద్దు, పెళుసు సమ్మేళనాల పొరలు ఏర్పడి జంట పగులుతుంది. రాగి–తగరంలో రంధ్రాలు పూతలోని మలినాల మీద కూడా ఆధారపడతాయి.

కాబట్టి మార్కర్ల లెక్క ఒక్కటే కావాలంటే ఇత్తడి కడ్డీకి చుట్టూ మందంగా రాగి పూత వేయించండి. రంధ్రాలు కూడా చూపించాలంటే నా ఓటు నికెల్‌కే. ఈ ఏడాది మా వాళ్ళకి కూడా అదే ఇప్పించాను, ఒంటరి రాగి ముక్కతో సహా.