బహుపది గ్రాఫులో మలుపుల లెక్క: శూన్యాలను బట్టి చేయాలా, అవకలజాన్ని బట్టి చేయాలా, ఏది మేలు?

ఒక బహుపది పరిమాణం n అయితే దాని గ్రాఫులో గరిష్ఠంగా n−1 మలుపులు మాత్రమే ఉంటాయన్న నియమం చాలామందికి తెలుసు. గ్రాఫు ఎక్కుతూ వచ్చి దిగడం మొదలుపెట్టే బిందువును గానీ, దిగుతూ వచ్చి ఎక్కడం మొదలుపెట్టే బిందువును గానీ మలుపు అంటున్నాం. ఈ నియమానికి రెండు వివరణలు వాడుకలో ఉన్నాయి. మొదటిది శూన్యాలను ఆధారం చేసుకుంటుంది: n పరిమాణం గల బహుపదికి n కంటే ఎక్కువ శూన్యాలు ఉండవు, n శూన్యాల మధ్య n−1 ఖాళీలు ఉంటాయి, ఒక్కో ఖాళీలో ఒక్కో మలుపు, కాబట్టి మొత్తం n−1. రెండవది అవకలజాన్ని ఆధారం చేసుకుంటుంది: మలుపు దగ్గర స్పర్శరేఖ వాలు సున్నా అవుతుంది, వాలును తెలిపే అవకలజం n−1 పరిమాణం గల బహుపది, దానికి n−1 కంటే ఎక్కువ మూలాలు ఉండవు. రెండూ ఒకే సంఖ్య దగ్గరికి చేరుతున్నందున ఏదైనా ఒకటేనని అనిపించవచ్చు గానీ, వీటిలో ఒకటి మాత్రమే నిజమైన నిరూపణ.

శూన్యాల వివరణలో సత్యం లేకపోలేదు. రెండు వరుస శూన్యాల మధ్య గ్రాఫు అక్షాన్ని వదిలి వెళ్లి మళ్లీ అక్షాన్ని చేరాలి కనుక, ఆ మధ్యలో ఎక్కడో ఒకచోట తిరగక తప్పదు. మిషెల్ రోల్ 1691లో బహుపదులకు నిరూపించిన సిద్ధాంతపు సారం ఇదే. అయితే ఇది చెప్పేది ‘ప్రతి ఖాళీలో కనీసం ఒక మలుపు ఉంటుంది’ అని మాత్రమే. ఒక ఖాళీలో మూడు మలుపులు ఉండకూడదని గానీ, మొదటి శూన్యానికి ఎడమవైపున, చివరి శూన్యానికి కుడివైపున మలుపులు ఉండకూడదని గానీ ఇది చెప్పదు. అంటే శూన్యాల లెక్క మనకిచ్చేది కింది హద్దు. మనం నిరూపించదలచుకున్నది పై హద్దు. ‘కనీసం’ అన్న మాటను ‘గరిష్ఠంగా’ అన్న మాటగా చదువుకోవడమే ఆ వివరణలోని లోపం.

ఈ లోపం ఎంత దూరం పోగలదో చూడటానికి f(x) = 3x⁵ − 65x³ + 540x అన్న బహుపదిని తీసుకుందాం. ఇందులో x ను బయటకు తీస్తే మిగిలే 3x⁴ − 65x² + 540 లో x² ను ఒక చలరాశిగా భావించినప్పుడు విచక్షణి 4225 − 6480, అంటే రుణాత్మకం. కాబట్టి దీనికి వాస్తవ శూన్యం x = 0 ఒక్కటే. ఒక్క శూన్యం ఉన్నచోట ఖాళీలే లేవు, కాబట్టి శూన్యాల లెక్క ప్రకారం మలుపులు కనీసం సున్నా, అంటే ఆ లెక్క మనకు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు అవకలజాన్ని చూద్దాం.

f'(x) = 15x⁴ − 195x² + 540 = 15(x² − 4)(x² − 9)

దీని మూలాలు −3, −2, 2, 3. నాలుగూ వేర్వేరు, ప్రతి దాని దగ్గరా అవకలజం గుర్తు మారుతుంది, కాబట్టి మలుపులు సరిగ్గా నాలుగు. విలువలు లెక్కకడితే f(−3) = −594, f(−2) = −656, f(2) = 656, f(3) = 594. గ్రాఫు −594 వరకు ఎక్కి, కొద్దిగా దిగి −656 చేరి, అక్కడినుంచి ఏకధాటిగా 656 వరకు ఎక్కి, మళ్లీ కొద్దిగా దిగి 594 చేరి, ఆ తరువాత ఎక్కుతూ పోతుంది.

శూన్యాల పక్షాన వాదించేవారు ఇక్కడ ఒక సవరణ ప్రతిపాదించవచ్చు: బహుపదికి ఒక స్థిరసంఖ్యను కలిపితే గ్రాఫు మొత్తం పైకో కిందికో జరుగుతుందే తప్ప మలుపుల సంఖ్య మారదు. కాబట్టి గ్రాఫును తగినంత జరిపి, శూన్యాలు అత్యధికంగా వచ్చే చోట నిలిపి, అప్పుడు ఖాళీలను లెక్కిద్దాం. ఈ ఆలోచన చాలా బహుపదుల విషయంలో పనిచేస్తుంది గానీ మన ఉదాహరణలో పనిచేయదు. ఎడమవైపు చిన్న దిగుడు −594, −656 ల మధ్య ఉంది, కుడివైపుది 656, 594 ల మధ్య ఉంది. ఏ ఒక్క క్షితిజ సమాంతర రేఖా ఈ రెండింటినీ ఒకేసారి తాకలేదు. కనుక గ్రాఫును ఎంత జరిపినా శూన్యాలు మూడుకు మించవు, ఖాళీలు రెండుకు మించవు, కానీ మలుపులు నాలుగు. స్థిరసంఖ్య మారితే శూన్యాల సంఖ్య మారుతుంది, మలుపుల సంఖ్య మారదు. మారేదాన్ని పట్టుకుని మారనిదాన్ని లెక్కించబోవడం వల్లనే ఈ పద్ధతి నిలవడం లేదు. అవకలనం చేసినప్పుడు స్థిరసంఖ్య తనంతట తానే తొలగిపోతుంది, అందువల్ల అవకలజానికి ఈ ఇబ్బంది లేదు.

కాబట్టి నియమానికి నిరూపణగా అవకలజపు వివరణే మేలు, అది చిన్నది కూడా. axⁿ తో మొదలయ్యే బహుపది అవకలజం naxⁿ⁻¹ తో మొదలవుతుంది, n విలువ 1 లేదా అంతకు మించి ఉన్నప్పుడు na సున్నా కాదు కనుక దాని పరిమాణం సరిగ్గా n−1. ఏ బహుపదికైనా ఒక మూలం దొరికిన ప్రతిసారీ ఒక రేఖీయ కారణాంకం బయటకు వచ్చి, మిగిలిన దాని పరిమాణం ఒకటి తగ్గుతుంది. n−1 సార్లు తగ్గాక స్థిరసంఖ్య మాత్రమే మిగులుతుంది, ఇక మూలాలకు చోటుండదు. ప్రతి మలుపూ అవకలజానికి మూలమే కనుక మలుపులు n−1 కి మించవు.

దీని వెంటే మరొక ఉపయోగకరమైన సంగతి వస్తుంది. n సరిసంఖ్య అయితే గ్రాఫు రెండు చివరలూ ఒకే వైపుకు పోతాయి, కాబట్టి దిశ బేసి సార్లు మారాలి. n బేసి అయితే చివరలు ఎదురెదురు వైపులకు పోతాయి, కాబట్టి సరి సార్లు మారాలి. అంటే 5వ పరిమాణంలో మలుపులు 4, 2 లేదా 0 మాత్రమే. 6వ పరిమాణంలో 5, 3 లేదా 1 మాత్రమే. ఐదవ పరిమాణం గల బహుపదికి మూడు మలుపులని ఎవరికైనా లెక్క వచ్చిందంటే, ఎక్కడ తప్పు జరిగిందో తెలియకముందే తప్పు జరిగిందని తెలిసిపోతుంది.

అయితే అవకలజాన్ని ఎంచుకున్నాక కూడా రెండు దారులున్నాయి: దాని మూలాలను లెక్కించడం ఒకటి, దాని గుర్తు మార్పులను లెక్కించడం మరొకటి. f(x) = 3x⁵ − 5x³ ను చూడండి. దీని అవకలజం 15x²(x − 1)(x + 1). వేర్వేరు మూలాలు మూడు, పునరావృతితో కలిపి లెక్కిస్తే నాలుగు, కానీ మలుపులు రెండే. x = 0 దగ్గర x² అన్న కారణాంకం సున్నాను తాకి మళ్లీ ధనాత్మకంగానే ఉంటుంది, అక్కడ (x − 1)(x + 1) రుణాత్మకం, కాబట్టి సున్నాకు అటూ ఇటూ అవకలజం రుణాత్మకమే. గ్రాఫు దిగుతూ వచ్చి, ఆ ఒక్క బిందువు దగ్గర సమతలమై, మళ్లీ దిగుతూనే పోతుంది. బేసి సార్లు పునరావృతమయ్యే మూలం దగ్గరే గుర్తు మారుతుంది, సరి సార్లు పునరావృతమయ్యే దాని దగ్గర మారదు. అందుచేత లెక్కించవలసింది గుర్తు మార్పులనే.

రెండవ అవకలజంతో పరీక్షించే పద్ధతి కూడా ఉంది గానీ, అది సరిగ్గా కష్టమైన చోటనే చేతులెత్తేస్తుంది. x⁴ కు సున్నా దగ్గర మలుపు ఉంది, x³ కు లేదు, కానీ రెండింటికీ అక్కడ రెండవ అవకలజం సున్నాయే. గుర్తును చూస్తే మాత్రం రెండింటి తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక అవకలజాన్ని కారణాంకాలుగా విడదీయలేని సందర్భం మిగిలింది. ఐదవ పరిమాణం మొదలుకొని సమీకరణాలకు వర్గమూల, ఘనమూలాది చిహ్నాలతో సాధారణ సూత్రం లేదని ఆబెల్ 1824లో నిరూపించాడు కనుక, 6వ పరిమాణపు బహుపది మలుపుల దగ్గర ఈ అడ్డంకి నిజంగానే ఎదురవుతుంది. f(x) = x⁶ − 15x² + 6x అనుకుందాం. f'(x) = 6(x⁵ − 5x + 1). లోపలి x⁵ − 5x + 1 ను g(x) అందాం. దీని మూలాలను అలాంటి చిహ్నాలతో రాయలేము. కానీ మనకు కావలసింది మూలాల విలువలు కాదు, వాటి సంఖ్య. అందుకు g ఎక్కడెక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో తెలిస్తే చాలు. g'(x) = 5(x⁴ − 1), దీని వాస్తవ మూలాలు −1, 1. కాబట్టి g విలువ x = −1 వరకు పెరుగుతూ, x = −1 నుంచి x = 1 వరకు తగ్గుతూ, ఆ తరువాత పెరుగుతూ ఉంటుంది. ఒకే దిశలో పోయే భాగంలో అది సున్నాను ఒక్కసారికి మించి దాటలేదు. g(−2) = −21, g(−1) = 5, g(1) = −3, g(2) = 23. మూడు భాగాల్లోనూ గుర్తు ఒక్కోసారి మారింది. కాబట్టి f కు మలుపులు సరిగ్గా మూడు. పై హద్దు ఐదు, ఉన్నవి మూడు, రెండూ బేసి సంఖ్యలే. g' కూడా ఇంత సులభంగా విడిపోనప్పుడు, ఒక అంతరంలోని వేర్వేరు వాస్తవ మూలాల సంఖ్యను భాగాహారాల వరుసతో కచ్చితంగా చెప్పే స్టూర్మ్ పద్ధతి, 1829 నాటిది, అందుబాటులో ఉంది. చేతితో చేయడానికి అది దీర్ఘమైన పని, కాబట్టి మొదట పైన చూపిన దారినే ప్రయత్నించడం మంచిది.

ఇదే బహుపది గ్రాఫును తెరపై గీయించి కంటితో లెక్కిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. మూడు మలుపులు సుమారుగా x = −1.54, 0.2, 1.44 దగ్గర ఉన్నాయి, అక్కడి ఎత్తులు వరుసగా −31.5, 0.6, −13.5 కు దగ్గరగా ఉంటాయి. x ను −10 నుంచి 10 వరకు తీసుకుంటే నిలువు అక్షం దాదాపు పది లక్షల వరకు సాగుతుంది, ఆ కొలతలో మూడు మలుపులూ ఒక చదునైన అడుగుగా కలిసిపోయి, చూసేవారికి ఒక్క మలుపే కనిపిస్తుంది. ఒకటి కూడా బేసి సంఖ్యే కనుక సరి, బేసి పరీక్ష సైతం ఈ తప్పును పట్టుకోలేదు. −2 నుంచి 2 వరకు మాత్రమే గీస్తే మూడూ స్పష్టంగా కనిపిస్తాయి, కానీ ఎక్కడ చూడాలో ముందుగా చెప్పేది g గుర్తు మార్పులే.