మెరుపులో మాయమైన తొమ్మిది: కెమెరా అనువాదంతో రెండేళ్లు

పెళ్లయి మహారాష్ట్రలోని సిరొంచకు వచ్చి రెండేళ్లయింది. నది అవతల తెలంగాణలో పెరిగిన నాకు మరాఠీ వింటే కొంత అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అందుకే ఫోన్‌లో కెమెరా అనువాదం యాప్ రోజూ వాడతాను. మామూలు కాగితం మీద అచ్చయితే బాగానే పనిచేస్తుంది. గొడవంతా లామినేషన్ నోటీసులతోనే.

ఒకసారి రేషన్ దుకాణంలో ఈ-కేవైసీ నోటీసు ఫోటో తీస్తే, గడువు 11వ తారీఖు అని వచ్చింది. ఆ రోజు 14. కార్డులోంచి పేరు తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్. తీరా అత్తమ్మ వచ్చి చూసి, "పంతొమ్మిది కదమ్మా" అంది. మరాఠీ ఒకటి, తొమ్మిది అంకెలు దగ్గరదగ్గరగా ఉంటాయి. తొమ్మిదికి ఒక చిన్న వంపు ఎక్కువ, అంతే. ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా ఆ వంపు మీదే పడింది. "ఉదయం 9 నుంచి 1" అన్నది "1 నుంచి 1" అని వస్తే తప్పని వెంటనే తెలుస్తుంది. తారీఖు తప్పితే అనుమానమే రాదు. అప్పటి నుంచి అంకెలున్న చోట ఫోటోను పెద్దది చేసి నా కళ్లతో చూసుకుంటున్నాను.

నేను తెలుసుకున్న అసలు సంగతి ఒకటుంది. నీడలో ఉన్న అక్షరం మసగ్గానైనా ఫోటోలో ఉంటుంది, వెలుతురు పెంచితే పైకి వస్తుంది. మెరుపు కింది అక్షరం ఫోటోలోకి రానేరాదు, తర్వాత ఎంత దిద్దినా తెల్ల మచ్చే. అందుకని ఆరుబయట నోటీసైతే గొడుగు తెరిచి మొత్తానికీ నీడ పట్టిస్తాను. సగం ఎండ, సగం నీడ మాత్రం పనికిరాదు. లోపలైతే ఎదురుగా నిలబడకుండా ఒక పక్కకు జరుగుతాను. నేను జరిగితే మెరుపూ జరుగుతుంది. అక్షరాల మీద నుంచి పోయిందాకా జరగడమే. పూర్తిగా పోకపోతే ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి తీస్తాను. ఒకదాంట్లో పోయింది రెండోదాంట్లో దొరుకుతుంది. లామినేషన్ ఉబ్బి ఉంటే మూల పట్టుకుని కాస్త లాగితే మెరుపు మచ్చలు తగ్గుతాయి.

చీకటి మూలలో ఫ్లాష్ వేస్తే నోటీసు మధ్యలో తెల్లటి గుండ్రం పడుతుంది. దానికి బదులు ఇంకో ఫోన్ టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి వేయిస్తాను. మోచేయి గోడకు ఆనిస్తే ఫోటో కదలదు. అక్షరాల మీద వేలు పెట్టి ఫోకస్ అయ్యాకే నొక్కుతాను. కెమెరా ఆడిస్తూ అప్పటికప్పుడు చదివించడం మానేశాను. ఫోటో తీసి, అవసరమైనంత కత్తిరించి ఇస్తేనే నయం. భాష కూడా నేనే మరాఠీ అని పెడతాను. లిపి ఒకటే కాబట్టి, దానికే వదిలేస్తే ఒక్కోసారి హిందీ అనుకుంటుంది.

అచ్చు అక్షరాలకు ఐదుకు నాలుగు ఇస్తాను. ప్లాస్టిక్ మీద మార్కర్‌తో కొట్టేసి మార్చిన తారీఖులకు ఒకటే. వాటికి ఇప్పటికీ అత్తమ్మే దిక్కు.