సైజ్ చార్టులోని అంకె ఒంటిదా, బట్టదా: ఆన్‌లైన్‌లో దుస్తులు, షూలు కొంటున్న అనుభవంతో ఒక సమీక్ష

చాలా ఏళ్లుగా మా ఇంట్లో అందరికీ కుర్తీలు, చొక్కాలు, షూలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను. మింత్రా, అజియో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ అన్నీ వాడాను కాబట్టి ఈ సమీక్షను ఏ ఒక్క సైటుకో పరిమితం చేయడం లేదు. వాటన్నింటిలోనూ కనిపించే సైజ్ చార్టును, దాని కింద కొన్నవాళ్లు రాసే వ్యాఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పాలని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: చార్టును నమ్మవచ్చు, అయితే అందులోని ప్రతి అంకె దేని కొలతో ముందు తేల్చుకోవాలి. మా ఇంటి నుంచి వెనక్కి పంపిన వస్తువుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం దగ్గరే తేడా వచ్చినవి.

చార్టులు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి ఒంటి కొలత చెప్పేది: ‘ఛాతీ 38 అంగుళాలు ఉన్నవారికి ఈ సైజు సరిపోతుంది’ అని దాని అర్థం. రెండోది బట్ట కొలత చెప్పేది: కుట్టిన కుర్తీని చంక కింద చుట్టూ కొలిస్తే ఎంత వస్తుందో అది చెబుతుంది. కొన్ని సైట్లు రెండూ పక్కపక్కనే ఇస్తాయి, చాలామంది అమ్మకందారులు మాత్రం ఒకటే ఇచ్చి అది ఏదో చెప్పరు. నా కొలతతోనే ఒక ఉదాహరణ చూద్దాం. నా ఛాతీ 37½ అంగుళాలు. ఎం సైజుకు 38, ఎల్‌కు 40, ఎక్స్‌ఎల్‌కు 42 అని ఉన్న చార్టును ఒంటి కొలత అనుకుంటే నేను ఎం తీసుకోవాలి. నిజానికి అవి బట్ట కొలతలైతే, ఆ ఎం కుర్తీలో నాకు మిగిలే లూజు అర అంగుళమే. సాగే గుణం లేని మామూలు కాటన్‌లో కూర్చోవడానికి, చెయ్యి పైకెత్తడానికి కనీసం రెండున్నర అంగుళాల లూజు కావాలి. 37½కు రెండున్నర కలిపితే 40, అంటే నాకు కావలసింది ఎల్. అదే కుర్తీకి ఒంటి కొలతల చార్టు ఇచ్చి ఉంటే ఎల్ ఎదురుగా 38 అని ఉండేది, అప్పుడు ఏమీ కలపకుండా ఆ వరుసనే ఎంచుకునేదాన్ని. బట్ట కొలతకు లూజు కలపకపోయినా, ఒంటి కొలతకు పొరపాటున కలిపినా ఒక సైజు తప్పుతుంది.

చార్టు ఏ రకమో రాయనప్పుడు నేను రెండు గుర్తులు చూస్తాను. మొదటిది, కుర్తీ పొడవు, చేతి పొడవు, భుజం కొలతలు అందులో ఉన్నాయా అన్నది. పొడవు ఎప్పుడూ బట్టదే కాబట్టి, దాని పక్కనే ఉన్న ఛాతీ కూడా చాలా వరకు బట్టదే అవుతుంది. రెండోది, ఛాతీకీ నడుముకీ మధ్య తేడా. 38–32–40 లాంటి వరుస కనిపిస్తే అది మనిషి ఆకారం, కాబట్టి ఒంటి కొలత. 40–38–42 లాంటి వరుస నిటారుగా కుట్టిన కుర్తీ ఆకారం, కాబట్టి బట్ట కొలత. ఇవి కాక ఛాతీ 19, 20 అని ఉన్న చార్టులు కూడా తగులుతాయి. అవి బట్టను బల్ల మీద పరిచి ఒక చంక నుంచి మరో చంక వరకు కొలిచిన సగం కొలతలు, రెట్టింపు చేసుకుని చదవాలి.

నా లెక్కలో అన్నిటికంటే నికరమైన పద్ధతి, టేపు ఒంటి చుట్టూ తిప్పడం కంటే మనకు బాగా కుదిరిన పాత బట్టను కొలవడం. మన ఒంటిని మనమే కొలుచుకుంటే టేపు వెనక వైపు జారుతుంది, ఊపిరి బిగబడతాం, అంగుళం తేడా ఇట్టే వచ్చేస్తుంది. కుర్తీనైతే మంచం మీద కాకుండా గట్టి నేల మీద ముడతలు లేకుండా పరిచి, గుండీలు పెట్టి, చంక కుట్టు నుంచి అవతలి చంక కుట్టు వరకు కొలిచి రెట్టింపు చేస్తాను. భుజాన్ని ఒక చేతి కుట్టు నుంచి రెండో చేతి కుట్టు దాకా, పొడవును మెడ పక్కన భుజం మీది ఎత్తయిన చోటు నుంచి కింది అంచు దాకా కొలుస్తాను. ఈ అంకెలను బట్ట కొలతల చార్టుతోనే పోల్చాలి, అదీ ఒకే రకం గుడ్డ అయితేనే. సాగే టీషర్టు కొలత పట్టుకుని కాటన్ కుర్తీ కొంటే కుదరదు. భుజం విషయంలో నేను రాజీ పడను. ఛాతీ వదులైతే దర్జీ పక్క కుట్లు లోపలికి వేసి సరిచేస్తాడు కానీ, భుజం జారితే చేతులు విప్పి మళ్లీ కుట్టాలి, ఆ ఖర్చు దండగ.

మగవాళ్ల ఫార్మల్ చొక్కాల్లో మరో తికమక ఉంది. మన దేశపు బ్రాండ్లలో 38, 39, 40, 42, 44 అని వచ్చే సైజులను చాలామంది ఛాతీ అంగుళాలు అనుకుంటారు. అవి కాలర్ చుట్టుకొలతలు, సెంటీమీటర్లలో. 39 అంటే సుమారు పదిహేనున్నర అంగుళాల మెడ. ఛాతీ 40 అంగుళాలు కదా అని 40 ఎంచుకుంటే ఒక్కోసారి సరిపోవచ్చు, కానీ అది కాకతాళీయం. మావారికి మెడ సన్నం, ఛాతీ వెడల్పు. ఆయనకు కాలర్ ప్రకారం 39 తీసుకుంటే ఛాతీ మీద గుండీల మధ్య బట్ట నోరు తెరుస్తుంది. అందుకే ముందు ఛాతీ చూసి 40 తీసుకుంటాను, పై గుండీ పెట్టుకోవలసిన ఉద్యోగం కాదు కాబట్టి కాలర్ కొంచెం వదులైనా ఇబ్బంది లేదు. రోజూ టై కట్టుకునేవారు మాత్రం కాలర్‌కే ప్రాధాన్యం ఇచ్చి, స్లిమ్ ఫిట్ బదులు రెగ్యులర్ ఫిట్ చూసుకోవాలి.

ఇక వ్యాఖ్యలు. చార్టు చెప్పని విషయాల కోసమే వాటిని చదవాలి. కుర్తీ చార్టుల్లో చంక లోతు, మోచేతి పైభాగపు చుట్టుకొలత దాదాపు ఎప్పుడూ ఉండవు, బిగుతు వచ్చేదేమో సరిగ్గా అక్కడే. ‘ఛాతీ దగ్గర బాగుంది కానీ చేతులు టైట్’ అని ఇద్దరు ముగ్గురు వేరువేరుగా రాస్తే నేను ఆ కుర్తీ వదిలేస్తాను. పెద్ద సైజు తీసుకుంటే చేతులు సరిపోయినా భుజం జారుతుంది. ‘ఒక సైజు పెద్దది తీసుకోండి’ అన్న వ్యాఖ్య ఒక్కటే ఉంటే దాని వల్ల ఉపయోగం తక్కువ. రాసిన మనిషి ఎత్తెంత, మామూలుగా ఏ సైజు వేసుకుంటుంది, ఎక్కడ బిగిసింది అన్నవి ఉంటేనే అది నాకు లెక్క. అందుకే ముందు నేను కొనబోయే సైజునే కొన్నవారి వ్యాఖ్యలు వెతుకుతాను, తర్వాత వాళ్లు పెట్టిన ఫోటోల్లో భుజం కుట్టు ఎక్కడ పడిందో చూస్తాను. మూడు నక్షత్రాల వ్యాఖ్యల్లో ఇలాంటి వివరాలు ఎక్కువగా దొరుకుతాయి. ఐదు ఇచ్చినవారు ‘సూపర్’ అని, ఒకటి ఇచ్చినవారు ఆలస్యంగా వచ్చిందని రాసి ముగిస్తారు.

ఉతికిన తర్వాత రాసిన వ్యాఖ్యలు అరుదు, కానీ వాటి విలువ ఎక్కువ. ముందుగా నీళ్లు పట్టించని కాటన్ మొదటి ఉతుకుకు నూటికి మూడు నాలుగు వంతులు కుదించుకుపోవడం మామూలే. 46 అంగుళాల కుర్తీకి నాలుగు శాతం అంటే దాదాపు రెండు అంగుళాలు, మోకాలి కిందికి ఉండవలసిన అంచు మోకాలి మీదికి వస్తుంది. ఒకసారి వచ్చిన రోజు అన్ని విధాలా కుదిరిన ఎర్ర కాటన్ కుర్తీ రెండో ఉతుకుకు చంకల్లో పట్టేసింది. లేబుల్ తీసేసి ఉతికాక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. అప్పటి నుంచి ‘ప్రీ ష్రంక్’ అని రాయని కాటన్‌లో పొడవు ఒకటిన్నర అంగుళాలు, ఛాతీ మరో అర అంగుళం అదనంగా ఉండేలా చూస్తున్నాను. ఇంకో మాట: ఒకే పేజీ కింద పది రంగులు ఉంటే వ్యాఖ్యలన్నీ కలిసిపోయి కనిపిస్తాయి, ఒక రంగు గుడ్డకూ మరో రంగు గుడ్డకూ తేడా ఉండవచ్చు. వ్యాఖ్య ఏ రంగుకు రాశారో, ఎప్పుడు రాశారో చూడకుండా నమ్మకూడదు.

షూల దగ్గరా ఇదే ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది: సెంటీమీటర్ల అంకె పాదానిదా, లోపలి అట్టదా? మన దగ్గర సైజులు యూకే పద్ధతిలో ఉంటాయి, కానీ యూకే 8 అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. నైకీ మగవారి చార్టులో యూకే 8 ఎదురుగా 27 సెంటీమీటర్లు ఉంటే, అడిడాస్ చార్టులో 26.5 ఉంటుంది. అర సెంటీమీటరు అంటే అర సైజు కంటే ఎక్కువే. అందుకే నేను యూకే అంకెను వదిలేసి సెంటీమీటర్లే చూస్తాను. పాదం కొలవడానికి సాయంత్రం మంచిది, ఎందుకంటే అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కాగితాన్ని గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేసి, అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి దగ్గర పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని గీత పెట్టాలి. కొందరికి బొటనవేలి కంటే పక్క వేలు పొడవు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మావారి పెద్ద పాదం 26.4 వచ్చింది. చార్టు పాదం పొడవు చెబుతుంటే 26.5 వరుస ఆయనది. అది లోపలి అట్ట పొడవు చెబుతుంటే వేళ్ల ముందు సుమారు సెంటీమీటరు ఖాళీ కావాలి కాబట్టి 27.4 దగ్గరి వరుస చూడాలి. ఏదో రాయకపోతే నేను యూకే 8 ఎదురుగా ఉన్న అంకె చూస్తాను. అది 26.5, 27 ప్రాంతంలో ఉంటే పాదం, 27.5 దాటితే చాలా వరకు అట్ట.

పొడవు తేలినా వెడల్పు తేలదు, షూలకు చార్టు చేసే పెద్ద అన్యాయం అదే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్షకు పైగా మంది పాదాలను కొలిచి, మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వారి పాదాల కంటే వెడల్పు అని తేల్చింది. ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించింది కూడా అందుకే. మనం కొనే షూలలో ఎక్కువ భాగం ఇంకా పాత అచ్చుల మీదే తయారవుతున్నాయి. వెడల్పు చాలకపోతే చిటికెన వేలి పక్క ఒరుస్తుంది, పైతోలు అడుగు అంచు దాటి బయటికి ఉబ్బుతుంది. చాలామంది దానికి ఒక సైజు పెద్దది తెప్పిస్తారు, అప్పుడు మడమ జారి నడకలో చప్పుడు చేస్తుంది. సరైన దారి ముందు భాగం గుండ్రంగా ఉండి లేసులు ఉన్న మోడల్, దొరికితే ‘వైడ్’ అని రాసినది. వ్యాఖ్యల్లో ‘వేళ్లు నొక్కుకుంటున్నాయి’ అన్న మాటకూ ‘చిన్నగా ఉంది’ అన్న మాటకూ నేను చాలా తేడా చూస్తాను. మొదటిది వెడల్పు గురించి చెబుతుంది, రెండోది ఏదీ చెప్పదు.

ఇంత చూసినా రెండు రకాలు నేను ఆన్‌లైన్‌లో కొనను. ఒకటి రెడీమేడ్ జాకెట్లు. వాటికి చంక, వీపు, డార్టుల స్థానం అన్నీ కలిసి కుదరాలి, చార్టులో ఛాతీ తప్ప ఏదీ ఉండదు. రెండోది లేసులు లేని తోలు ఫార్మల్ షూలు. వాటికి బిగించుకునే వీలు ఉండదు, తోలు వెడల్పుకు కొంచెం సాగుతుంది కానీ పొడవుకు సాగదు. ఆ రెంటికీ ఇప్పటికీ బజారుకే వెళ్తున్నాం. కుర్తీలు, చొక్కాలు, స్పోర్ట్స్ షూల సంగతి వేరు. మా నలుగురి కొలతలూ ఒక పుస్తకంలో తేదీతో రాసి పెట్టుకున్నాను, పిల్లల పాదాలను మాత్రం ప్రతి మూడు నెలలకూ మళ్లీ కొలుస్తాను.