గేటు దగ్గర లారీల లెక్క: ఆరేళ్లుగా వాడుతున్న లిటిల్ సూత్రం

గోదాములో సరుకు దింపే డాకుల పని చూసుకుంటూ ఆరేళ్లుగా నేను నమ్ముకున్న లెక్క, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన L = λ × W. గంటకు వచ్చే లారీల సంఖ్యను (λ) ఒక్కో లారీ సగటున గడిపే గంటలతో (W) గుణిస్తే, ఏ సమయంలోనైనా సగటున అక్కడ ఉండే లారీల సంఖ్య (L) వస్తుంది. లారీలు ఒక్కొక్కటిగా వచ్చినా, గుంపుగా వచ్చినా, ముందు వచ్చినదాన్ని ముందు పిలవకపోయినా ఈ సగటుల సంబంధం చెదరదు.

దీని విలువ నాకు మొదటి ఏడాదిలోనే తెలిసింది. మాకు పది గంటల్లో అరవై లారీలు, అంటే గంటకు ఆరు వచ్చేవి. గేటు రిజిస్టరు ప్రకారం ఒక్కో లారీ సగటున గంటన్నర ఉండి వెళ్తోంది కాబట్టి తొమ్మిది లారీలే కనిపించాలి. నేను మాత్రం గంటకోసారి గేటు బయటి రోడ్డు దాకా నడిచి లెక్కపెడితే, సగటున పదిహేను తేలాయి. ఆ తేడా ఆరు లారీలు రోడ్డు మీదే ఉన్నాయి. ఆరును గంటకు ఆరుతో భాగిస్తే, ప్రతి డ్రైవరూ రిజిస్టరుకెక్కక ముందే సగటున గంటసేపు ఎదురుచూస్తున్నాడన్నమాట. గేటు తెరిచి లోపలికి వదిలినప్పుడే సమయం రాయడం వల్ల ఆ గంట ఎవరి లెక్కలోకీ రాలేదు. అప్పటి నుంచి లారీ రోడ్డు మీద ఆగగానే టోకెన్ ఇచ్చి, సమయం వేయిస్తున్నాం.

సరుకు దింపడానికి నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి, ఇదే సూత్రంతో డాకుల దగ్గర సగటున నాలుగు లారీలుంటాయి. మాకున్నవి ఐదు డాకులు. మరి మిగిలిన పదకొండు లారీలు ఎందుకు ఆగుతున్నాయో సూత్రం చెప్పదు. టోకెన్లు చూస్తే, సగానికి పైగా లారీలు ఉదయం మొదటి మూడు గంటల్లోనే వచ్చిపడుతున్నాయని, మధ్యాహ్నం డాకులు ఖాళీగా ఉంటున్నాయని తెలిసింది. కొత్త డాకు కట్టకుండా, సరుకు పంపేవారికి వేళలు కేటాయించాం. ఇప్పుడు సగటు ఎనిమిది లారీలు, అంటే ఒక్కోదానికి గంటా ఇరవై నిమిషాలు.

వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రాత్రికి ఆవరణ ఖాళీ అయితేనే ఒక్కరోజు లెక్క కచ్చితంగా సరిపోతుంది. పండగ ముందు రోజుల్లో పది లారీలు తెల్లవార్లూ నిలిచిపోయినప్పుడు నేను ఒక్కరోజు లెక్క వేసి పొరపాటు పడ్డాను, ఇప్పుడు వారం మొత్తం తీసుకుంటున్నాను. పైగా ఇది సగటు మాత్రమే. సగటు గంటా ఇరవై నిమిషాలున్న రోజునే ఐదు గంటలు ఎండలో నిలబడ్డ డ్రైవరు ఉండవచ్చు కాబట్టి, టోకెన్లలో అతి పొడవైన నిరీక్షణను విడిగా రాసి పెడుతున్నాను.