నాలుగేళ్లుగా వాడుతున్న డీఎస్‌సీ డాంగిల్: లైటు వెలుగుతుంది కానీ కంప్యూటర్‌కి కనపడదు

బాలానగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది, ఎల్‌ఎల్‌పీగా రిజిస్టర్ చేశాం. ఎల్‌ఎల్‌పీ కాబట్టి జీఎస్టీ రిటర్న్ వేయాలంటే డిజిటల్ సంతకం పెట్టాల్సిందే. అందుకని నాలుగేళ్ల కింద ఆ సంతకం సర్టిఫికెట్, అంటే డీఎస్‌సీ, ఉండే ఒక నీలం రంగు యూఎస్‌బీ డాంగిల్ కొన్నాను, మధ్యలో ఒకసారి అదే డాంగిల్‌లోకి కొత్త సర్టిఫికెట్ ఎక్కించుకున్నాను. వస్తువు గట్టిదే, మూత ఎప్పుడో పోయినా ఇంకా పనిచేస్తోంది. కానీ దాన్ని కంప్యూటర్ గుర్తుపట్టకపోవడం అనే సమస్య ఈ నాలుగేళ్లలో నాకు మూడు రకాలుగా వచ్చింది, మూడింటికీ కారణాలు వేరు. అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేసిన దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది డ్రైవర్ తప్పూ కాదు, పోర్ట్ తప్పూ కాదు.

ఆరోజు 20వ తారీఖు, జీఎస్టీ నెలవారీ రిటర్న్ 3బీకి ఆఖరి రోజు. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన, నేను కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఉండిపోయి ల్యాప్‌టాప్ నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు సిస్టమ్‌లోకి వెళ్లాను. డాంగిల్ ఆఫీసు సీపీయూకే పెట్టి ఉంది. డాంగిల్‌నే టోకెన్ అని పిలిచే దాని సాఫ్ట్‌వేర్, టోకెన్ మేనేజర్, తెరిస్తే లోపల ఖాళీ, టోకెన్ పెట్టండి అంటోంది. మా అకౌంటెంట్ అమ్మాయికి ఫోన్ చేస్తే "సార్, డాంగిల్ పెట్టే ఉంది, లైటు కూడా వెలుగుతోంది" అంది. ముందు పోర్ట్‌లోంచి తీసి వెనక పోర్ట్‌లో పెట్టమన్నాను, మార్పు లేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాం, సిస్టమ్ రీస్టార్ట్ చేశాం, మార్పు లేదు. విచిత్రం ఏంటంటే డివైస్ మేనేజర్‌లో Smart card readers కింద రీడర్ చక్కగా కనిపిస్తోంది, పసుపు గుర్తు కూడా లేదు. గంటన్నర ఇలాగే పోయింది, నాకు టెన్షన్ మొదలైంది. చివరికి ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయింది, నా కనెక్షన్ తెగిపోయింది, వెంటనే ఫోన్‌లో "సార్, ఇక్కడ మీ పేరు వచ్చింది" అంది. నేను మళ్లీ కనెక్ట్ అయ్యాను, పేరు మాయం. ఆమె లాగిన్ అయింది, మళ్లీ ప్రత్యక్షం. అప్పుడు వెలిగింది నాకు.

విషయం ఏంటంటే, ఈ డాంగిల్ కంప్యూటర్ లెక్కలో పెన్‌డ్రైవ్ లాంటిది కాదు. ఒక స్మార్ట్ కార్డూ, దాన్ని చదివే రీడరూ కలిపి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినట్టు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు స్మార్ట్ కార్డ్ కోసం ఏ ప్రోగ్రామ్ అడిగినా, విండోస్ ఆ అడగడాన్ని ఆఫీసు సిస్టమ్ దగ్గర ఆపకుండా మనం కూర్చున్న ల్యాప్‌టాప్ వైపు పంపుతుంది. అంటే డాంగిల్ బాలానగర్‌లో ఉంటే, విండోస్ దాన్ని కూకట్‌పల్లిలో నా ల్యాప్‌టాప్‌లో వెతుకుతోంది. డివైస్ మేనేజర్ మాత్రం ఆఫీసు సిస్టమ్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో అదే చూపిస్తుంది కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టే ఉంటుంది. ఈ రెండూ కలిసి మనిషిని ఎంతసేపైనా తిప్పగలవు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే తేడా తెలిసిపోతుంది:

```
certutil -scinfo
```

సిస్టమ్ ముందు కూర్చుని కొడితే Readers: 1 అని, దాని కింద రీడర్ పేరు వస్తాయి. మధ్యలో పిన్ అడిగితే క్యాన్సిల్ చేయండి, మనకు కావలసింది పై నాలుగు లైన్లే. అదే రిమోట్‌లో కొడితే ఆఫీసులో ఉన్న రీడర్ జాడే ఉండదు.

ఆ రాత్రికి ఎలా గట్టెక్కామంటే, రిమోట్ డెస్క్‌టాప్ మానేసి, స్క్రీన్ షేర్ చేసే మామూలు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. అది సిస్టమ్ ముందు కూర్చున్న మనిషికి కనిపించే స్క్రీన్‌నే మనకు చూపిస్తుంది కాబట్టి డాంగిల్ అక్కడే దొరుకుతుంది. పిన్ నేనే టైప్ చేశాను, రిటర్న్ వెళ్లిపోయింది. తర్వాత నుంచి డాంగిల్ నా బ్యాగులోనే ఉంటోంది. ఇంటి ల్యాప్‌టాప్‌కి దాన్ని పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్‌లో Show Options, అందులో Local Resources, అక్కడ More నొక్కి Smart cards దగ్గర టిక్ ఉంచుతాను. ఇంటి ల్యాప్‌టాప్‌లో రీడర్ కనపడాలి, ఆఫీసు సిస్టమ్‌లో టోకెన్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. కొంచెం నిదానంగా ఉంటుంది కానీ సంతకం పడుతుంది. నాకు ఈ పద్ధతే నచ్చింది, నా సంతకం నా దగ్గర లేకుండా ఆఫీసులో వేలాడుతూ ఉండటం మొదటి నుంచీ ఇష్టం లేదు.

పోర్ట్ సంగతి చిన్నదే. క్యాబినెట్ ముందు వైపు పోర్ట్ వదులైపోయి, డాంగిల్ కదిలినప్పుడల్లా కనెక్షన్ పోయి మళ్లీ వచ్చేది. వెనక వైపు, మదర్‌బోర్డుకే ఉండే పోర్ట్‌కి మార్చాక ఆగిపోయింది. ఇంకోసారి పెట్టిన పది నిమిషాలు బాగుండి తర్వాత దానంతటదే మాయమైపోయేది. డివైస్ మేనేజర్‌లో USB Root Hub మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో Power Management దగ్గర Allow the computer to turn off this device to save power అనే టిక్ తీసేస్తే సరిపోయింది.

డ్రైవర్ వైపు వచ్చింది మాత్రం కాస్త తికమక పెట్టింది. లైటు వెలుగుతోంది, రీడర్ ఉంది, టోకెన్ మేనేజర్ తెరిస్తే సర్టిఫికెట్ కూడా ఉంది, కానీ సంతకం పెట్టే సమయానికి బ్రౌజర్‌లో వచ్చే లిస్టులో నా పేరు లేదు. certmgr.msc తెరిచి Personal కింద Certificates చూస్తే అక్కడా లేదు. డాంగిల్ సాఫ్ట్‌వేర్‌తో పాటు గడియారం పక్కన కూర్చునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వస్తుంది, డాంగిల్ పెట్టగానే సర్టిఫికెట్‌ని విండోస్ లిస్టులోకి ఎక్కించేది అదే. సిస్టమ్ స్లో అయిందని ఎవరో వచ్చి టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లో కనిపించినవన్నీ డిసేబుల్ చేసి వెళ్లారు, అందులో ఇదీ పోయింది. ఎనేబుల్ చేసి, డాంగిల్ తీసి పెట్టగానే పేరు వచ్చింది. అదే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉండి Code 28 అని ఉంటే అప్పుడు నిజంగానే డ్రైవర్ లేదని అర్థం, డాంగిల్ తీసేసి, డ్రైవర్ వేసి, రీస్టార్ట్ అయ్యాక పెట్టండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. గుర్తుపట్టడం లేదని కంగారులో టోకెన్ మేనేజర్‌లో Initialize అనే బటన్ జోలికి వెళ్లకండి. అది రిపేర్ కాదు, లోపలి కీని తుడిచేస్తుంది. ఆ కీకి ఇంకెక్కడా కాపీ ఉండదు, సర్టిఫికెట్ మళ్లీ డబ్బు కట్టి, వీడియో వెరిఫికేషన్ చేయించుకుని తెచ్చుకోవాల్సిందే. మా పక్క షెడ్డు ఆయనకు సరిగ్గా ఇదే జరిగింది, టెండర్ వేయాల్సిన వారంలో.

రెన్యువల్ తర్వాత నాకు వచ్చింది అసలు డాంగిల్ సమస్యే కాదు. పాత సర్టిఫికెట్, కొత్తది రెండూ ఒకే పేరుతో లిస్టులో కనిపించాయి, నేను గడువు తీరిన దాన్ని ఎంచుకుని ఎర్రర్ వస్తే డాంగిల్‌ని అనుమానించాను. పక్కనే ఉన్న గడువు తేదీ చూసి కొత్తది ఎంచుకుని, జీఎస్టీ పోర్టల్ ప్రొఫైల్‌లో Register / Update DSC దగ్గర దాన్నే అప్‌డేట్ చేశాక సంతకం పడింది.