వాతావరణం ఎస్‌ఎంఎస్ కోసం ఆప్లెట్ సర్వీసుకు చందా కడుతున్నారా? కాస్త ఆగండి

‘ఇది జరిగితే అది చెయ్యి’ అని ఒకసారి పెట్టుకుంటే ఆ పని దానంతట అదే జరిగిపోయే ఏర్పాటే ఆప్లెట్. ఐఎఫ్‌టీటీటీ తరహా ఆప్లెట్ సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఏడాది చందా కట్టి డబ్బులు పోగొట్టుకున్నాను. పేరు రాయడం లేదు. మన నెల్లూరు జిల్లాలో ఇంకెవరైనా ఇదే పని కోసం చందా కట్టబోతుంటే ఆగుతారని రాస్తున్నాను.

మాకు కావాల్సింది చిన్న పని. కోవూరు వైపు మా పొలం. నాయన దగ్గర ఉన్నది బటన్ ఫోన్. కోత అయ్యాక వడ్లు రోడ్డు పక్కన ఆరబోస్తాం కాబట్టి, రేపు వాన ఉందో లేదో రోజూ సాయంత్రం ఏడింటికి ఆయనకు మెసేజ్ వస్తే చాలు, రాత్రికి పట్టలు కప్పుకోవచ్చు. ఆప్లెట్‌లో ఒకవైపు ‘రేపటి వాతావరణం’ అనే ట్రిగ్గర్, రెండోవైపు ‘ఎస్‌ఎంఎస్ పంపు’ అనే యాక్షన్ పెడితే అయిపోతుంది. పది నిమిషాల పని. చందా పేజీలో ‘అన్‌లిమిటెడ్’ అని పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆ అన్‌లిమిటెడ్ ఆప్లెట్ నడవడానికే కానీ ఎస్‌ఎంఎస్‌కు కాదు. అమెరికా, కెనడా కాని నంబర్లకు నెలకు పది మెసేజ్‌లే అని హెల్ప్ పేజీలో ఎక్కడో అడుగున ఉంది. డబ్బు కట్టినవాళ్లకైనా, కట్టనివాళ్లకైనా అంతే. మనకు నెలకు ముప్పై కావాలి.

ఆ పది కూడా పది రోజులు రాలేదు. కారణం మన లిపి. ఇంగ్లిష్ ఎస్‌ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం మెసేజ్ యూనికోడ్‌కు మారి, హద్దు 70కి పడిపోతుంది. అది దాటితే రెండు ముక్కలవుతుంది, రెండు మెసేజ్‌లుగా లెక్కేస్తారు. పైగా గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘నెల్లూరు’ అనే మాటే ఎనిమిది అక్షరాలు. నేను పెట్టిన మెసేజ్ ఇది:

```
రేపు నెల్లూరులో: Partly Cloudy, గరిష్ఠం 38, కనిష్ఠం 27, తేమ 72 శాతం, గాలి 14
```

చూడ్డానికి ఒక్క లైనే, కానీ 70 దాటింది. అంటే రోజుకు రెండు చొప్పున, ఐదు సాయంత్రాలకే నెల కోటా ఖాళీ.

కోటా అయిపోయిందని ఎవరూ చెప్పరు, అసలు టెన్షన్ అక్కడే. యాక్టివిటీ లాగ్ తెరిస్తే రోజూ పచ్చ రంగులో ‘Applet ran’ అనే ఉంటుంది. ఆప్లెట్ తన పని ముగించి మెసేజ్‌ను ముందుకు తోసిందని మాత్రమే దానర్థం. అది ఫోన్‌కు చేరిందా లేదా అన్నది అందులో కనపడదు. కోటా మిగిలి ఉన్నా ఇంకో అడ్డం ఉంది. మన దేశంలో కంపెనీలు పంపే ఎస్‌ఎంఎస్‌లకు పంపేవారి పేరుగా కనపడే హెడర్, మెసేజ్ నమూనా ముందే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్టర్‌లో నమోదై ఉండాలి, లేకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోవచ్చు. మనం సొంతంగా రాసుకున్న వాక్యం ఏ నమూనాలో ఉంటుంది? సపోర్ట్‌కు రాస్తే ‘డెలివరీ మీ ఆపరేటర్ మీద ఆధారపడి ఉంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మెసేజ్ రాకపోతే నాయన వాన లేదనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. తెల్లవారుజామున జల్లు పడి రెండు పుట్ల వడ్లు తడిశాయి. మిల్లు వాళ్లు తేమ చూసి ధర తగ్గించారు.

ఖాతా టైమ్ జోన్ కూడా చూసుకోండి. మాది మొదట్లో అమెరికా పశ్చిమ తీరం టైమ్‌లో ఉంది. అక్కడ సాయంత్రం ఏడంటే వేసవిలో మనకు మర్నాడు పొద్దున ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. పొద్దున్నే మెసేజ్ వస్తోందంటే అదే కారణం. ప్రొఫైల్‌లో ఇండియా టైమ్ పెడితే సరిపోతుంది.

ఇంకా ప్రయత్నించాలనుకుంటే ఉచిత ఖాతాలోనే ఒక నెల నడపండి. మెసేజ్ పూర్తిగా ఇంగ్లిష్ అక్షరాల్లో, ‘Repu: Partly Cloudy, 38/27’ అన్నంత పొట్టిగా పెట్టండి. నెలాఖరు దాకా లాగ్‌ను కాకుండా ఫోన్ ఇన్‌బాక్స్‌ను చూడండి. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే ఎస్‌ఎంఎస్ జోలికి పోకుండా టెలిగ్రామ్‌కో, నోటిఫికేషన్‌కో పంపించుకోవడం మేలు. మేమైతే ఇప్పుడు వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్ చూసి సాయంత్రం నాయనకు ఫోన్ చేసి చెబుతున్నాం. మంగళ, శుక్రవారాల్లో వచ్చే పంట సలహాలకు మేఘదూత్ యాప్ ఉంది. రెండూ ఉచితమే.

ఇప్పటికే చందా కట్టినవాళ్లు ఆప్లెట్ ఆఫ్ చేసి ఊరుకోవద్దు, ఖాతా తీసేసినా చాలదు. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడే రద్దు చేయాలి. లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ డబ్బు కట్ అవుతుంది.